నిప్పు ‘రవికుంది’

2012లో అమెరికాలో ఒక పాఠకుడు టాల్‌స్టాయ్ ‘వార్ అండ్ పీస్’ నవలను నూక్ అనే ఈ-రీడర్‌లో చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాడు. వెలుగు రాజుకుందనే అర్థం రావాల్సిన చోట ‘నూక్‌డ్’ అని ఉంది. అచ్చుతప్పేమోనని ముందుకు వెళితే మళ్లీ అదే. విషయం బయటపడ్డాక అందరూ నవ్వుకున్నారు. ఆ ఈ-పుస్తకాన్ని ప్రచురణకర్త మొదట అమెజాన్ వాళ్ల కిండిల్ కోసం తయారుచేశాడు. తర్వాత పోటీ కంపెనీ నూక్ కోసం అదే ఫైలు తీసి, కిండిల్ అన్న చోటల్లా నూక్ అని ఒక్క దెబ్బకు మార్చేశాడు. ఇంగ్లిష్‌లో కిండిల్ అంటే నిప్పు రాజేయడమని కంప్యూటర్‌కు తెలియదు కదా. నవలలో నిప్పు రాజుకున్న చోటల్లా అది నూక్ పేరే పెట్టింది.

ఇది ఇంగ్లిష్ వాళ్ల గొడవ అనుకోనక్కర్లేదు. మాట వరసకి మూడు వందల పేజీల తెలుగు నవల ఒకటి ఉందనుకుందాం. కథానాయకుడి పేరు రాజు. రాతప్రతి పూర్తయ్యాక రచయితకు, కారణమేదైనా కావచ్చు, ఆ పేరు రవి అయితే బాగుంటుందనిపించింది. కంట్రోల్ నొక్కి హెచ్ నొక్కి, పై గడిలో రాజు, కింది గడిలో రవి పెట్టి Replace All నొక్కాడు. అప్పుడు ఏమవుతుందో చూడండి. బోనాల అధ్యాయంలో పోతరాజు పోతరవి అయ్యాడు. స్కూల్లో వేలాడదీసిన పటంలో అల్లూరి సీతారామరాజు సీతారామరవి అయ్యాడు. కిరాణా కొట్లో తరాజు తరవిగా మారింది. ‘రాజు తలచుకుంటే దెబ్బలకు కొదువా’ అన్న సామెతలో దెబ్బలు కొట్టేది రవి. గడ్డివాము దగ్గర నిప్పు ‘రవికుంది’. తెలుగులోనూ మంట దగ్గరే దొరికిపోవడం చూస్తే ఈ పొరపాటుకు నిప్పంటే ఏదో మక్కువ ఉన్నట్టుంది.

ఇవి నవ్వు తెప్పించే తప్పులు కాబట్టి ప్రూఫుల్లో దొరికిపోతాయి. దొరకనివి వేరే ఉన్నాయి. ‘రాజుకు చెప్పాను’ అన్నది ‘రవికు చెప్పాను’ అవుతుంది. ‘రాజును పిలువు’ అన్నది ‘రవిను పిలువు’ అవుతుంది. కొమ్ముతో ముగిసే పేరుకు ‘కు, ను’ అతికితే, గుడితో ముగిసే పేరుకు ‘కి, ని’ కావాలి. చదివేవాడికి అది తప్పని వెంటనే తట్టదు, కానీ వాక్యం ఎక్కడో మెత్తగా గుచ్చుకుంటుంది. అలాంటివి వంద ఉంటే రచయితకు తెలుగు రాదేమో అనిపిస్తుంది.

దీనికి చాలామంది చెప్పే విరుగుడు Whole words only అన్న గడిలో టిక్ పెట్టడం. అంటే పూర్తి మాటగా ఉంటేనే మార్చమని. ఇంగ్లిష్‌కు అది మంచి కాపలా. తెలుగు పేర్ల విషయంలో మాత్రం, నా లెక్కలో, అది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. మన విభక్తులు మాటను అంటుకునే ఉంటాయి. ఆ టిక్ పెడితే పోతరాజు బతుకుతాడు నిజమే, కానీ రాజుకి, రాజుతో, రాజుగారు, రాజుగాడు కూడా అలాగే మిగిలిపోతారు. ఒక వాక్యంలో రవి లేచి తలుపు తీస్తాడు, తర్వాతి వాక్యంలో వాళ్లమ్మ రాజుకి అన్నం పెడుతుంది.

కాబట్టి అసలు పని మార్చడంలో లేదు, వెతకడంలో ఉంది. ఆ మాట రాతప్రతిలో ఎన్ని రూపాల్లో ఉందో ముందు జాబితా తీయాలి. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ రైటర్‌లో అది ఎలాగో చూద్దాం. మొట్టమొదట ఫైలుకు ఇంకో పేరుతో నకలు చేసి పక్కన పెట్టండి. ఆ నకలు ముట్టుకోకూడదు. Ctrl+Z ఉంది కదా అనిపిస్తుంది గానీ, ఫైలు ఒకసారి మూసి తెరిస్తే అది వెనక్కి తీసుకెళ్లదు. పోనీ రవిని మళ్లీ రాజుగా మారిస్తే సరిపోతుందా అంటే, ఆ దారి ఇంకా ఘోరం. ‘గౌరవించాడు’ అన్న మాటలో రవి ఉన్నాడు. వెనక్కి మారిస్తే అది ‘గౌరాజుంచాడు’ అవుతుంది. రవికె రాజుకె అవుతుంది.

ఇప్పుడు Find and Replace పెట్టె తెరిచి, Other options కింద Regular expressions అన్న గడిలో టిక్ పెట్టండి. అక్షరాల బదులు నమూనా ఇచ్చి వెతికే పద్ధతి ఇదే. అక్కడే Diacritic-sensitive అన్న గడి కనిపిస్తే దానికీ టిక్ ఉండాలి. అక్షరానికి తగిలించిన గుర్తులను లెక్కలోకి తీసుకోమని చెప్పేది అది. మనకు గుణింతాలన్నీ ఆ గుర్తులే మరి. వెతికే గడిలో ఇది రాయండి:

```
\w*రాజ\w*
```

ఇందులో `\w` అంటే మాటలో ఉండదగ్గ ఏ అక్షరమైనా. పక్కన చుక్క గుర్తు ఉంటే ‘అసలు లేకపోయినా సరే, ఎన్ని ఉన్నా సరే’ అని. మొత్తం కలిపితే ‘రాజ’ అన్న రెండక్షరాలు లోపల ఎక్కడున్నా ఆ మాటను మొదటినుంచి చివరిదాకా పట్టుకో అని చెప్పినట్టు. Find All నొక్కితే ఆ మాటలన్నీ ఒకేసారి ఎంపికవుతాయి, ఎన్ని దొరికాయో కూడా చెబుతుంది. పెట్టె మూసి, కాపీ చేసి, కొత్త ఫైలులో అతికించండి. వరసకొకటి చొప్పున జాబితా వస్తుంది. Tools మెనూలో Sort పెడితే ఒకే రూపంలో ఉన్నవన్నీ ఒకచోట చేరతాయి.

ఆ జాబితా చదవడమే ఈ పని మొత్తంలో విలువైన భాగం. మీరు అనుకోని మాటలు ఎన్ని కనిపిస్తాయో. పరాజయం, నీరాజనం, రాజీనామా, రాజమండ్రి ఎలాగూ ఉంటాయి. అవి మనకు అక్కర్లేదు, కళ్లతో దాటేయొచ్చు. కానీ ‘రాజంటే’, ‘రాజొక్కడే’, ‘రాజిచ్చిన’, ‘రాజే’, ‘రాజూ’, ‘రాజిగాడు’ కూడా అక్కడే ఉంటాయి. వీటిలో రాజు ఉన్నాడు, కానీ సంధిలో కలిసి ‘జు’ మీద కొమ్ము పోయింది. ఉత్తినే ‘రాజు’ అని వెతికితే వీటిలో ఒక్కటీ దొరకదు. సంభాషణలు ఎక్కువున్న నవలలో ఇలాంటివి ఎక్కువ, ఎందుకంటే మాట్లాడేటప్పుడు మనం పదాలను విడదీసి పలకం.

ఇక్కడ ఒక సంగతి తెలిస్తే మిగతాదంతా తేలికవుతుంది. మన కంటికి ‘జు’ ఒక అక్షరం. కంప్యూటర్‌కు అది రెండు: జ ఒకటి, దాని వెనక కొమ్ము ఇంకొకటి. కొమ్ముకు యూనికోడ్‌లో 0C41 అని సొంత సంఖ్య ఉంది. అందుకే ‘రాజు, ఆ తర్వాత ఏమున్నా సరే’ అన్న ఉద్దేశంతో `రాజు*` అని రాస్తే తప్పు దారి పడుతుంది. ఆ చుక్క గుర్తు వర్తించేది చివరనున్న కొమ్ముకు ఒక్కదానికే. ‘రాజ, ఆపైన కొమ్ము ఉంటే ఉండనీ లేకపోతే పోనీ’ అని దానర్థం. అప్పుడు పరాజయంలోని ‘రాజ’ కూడా దొరుకుతుంది, అక్కడ రవి కూర్చుంటాడు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఇదే చుక్క గుర్తుకు అర్థం వేరు. అక్కడ Use wildcards గడి టిక్ చేస్తే అది ‘మధ్యలో ఏదున్నా’ అనే అర్థం ఇస్తుంది. ఒక ప్రోగ్రాంలో పనిచేసిన నమూనాను ఇంకోదాంట్లో అలాగే అతికించకపోవడం మంచిది.

కొమ్ము విడిగా ఉంటుందన్న సంగతిని మన పనికి వాడుకోవచ్చు కూడా. కొమ్ము పోయిన రూపాలన్నిటినీ విడిగా చూడాలంటే ఇలా అడగాలి:

```
\bరాజ(?!\u0C41)\w*
```

మొదట ఉన్న `\b` మాట అంచుకు గుర్తు. రాజ అన్నది మాట మొదట్లోనే ఉండాలి, మధ్యలో కాదు. కాబట్టి పరాజయం, నీరాజనం తప్పుకుంటాయి. `(?!\u0C41)` అంటే ‘వెంటనే కొమ్ము ఉండకూడదు’ అని. దీనితో రాజంటే, రాజే, రాజిగాడు వస్తారు. వాళ్లతోపాటు రాజకీయం, రాజధాని, ‘నిప్పు రాజేసింది’ కూడా వస్తాయి. వీటిని గుంపుగా మార్చే ఆలోచనే వద్దు. ఒక్కొక్కటీ చూసి చేత్తో మార్చడమే. రాజంటే రవంటే అవుతుంది, రాజొక్కడే రవొక్కడే అవుతుంది, రాజూ అని పిలిస్తే రవీ అని పిలవాలి.

ఈ `\b` గురించి ఒక హెచ్చరిక. లిబ్రేఆఫీస్ వాడే వెతుకులాట యంత్రం గుణింతపు గుర్తులను మాటలో భాగంగానే లెక్కేస్తుంది కాబట్టి మనకు ఇబ్బంది లేదు. పైథాన్‌లో మామూలుగా వచ్చే `re` అలా లెక్కేయదు. అక్కడ జ తర్వాత కొమ్ము వస్తే మాట అక్కడితో అయిపోయిందనుకుంటుంది. కాబట్టి ఏ ప్రోగ్రాం వాడినా ముందు ఖాళీ ఫైలులో రాజు, రాజి, రాజుకి, పోతరాజు, రాజుకుంది అన్న అయిదు మాటలు రాసి, మీ నమూనా ఏవి పడుతుందో, ఏవి వదిలేస్తుందో చూసుకోవాలి. అర నిమిషం పని.

జాబితా చేతికొచ్చాక మార్పు మొదలుపెట్టే ముందు ఇంకో ప్రశ్న ఉంది. కొత్త పేరు రాతప్రతిలో ఇప్పటికే ఉందా? రవి అని కూడా ఇలాగే వెతకండి. గౌరవించాడు, అరవిందం, రవికె వస్తే ఫరవాలేదు. కానీ పన్నెండో అధ్యాయంలో ఎక్కడో రవి అనే కండక్టర్ ఒకడు కనిపిస్తే ఆగాల్సిందే. రాజును రవి చేసిన మరుక్షణం వాళ్లిద్దరూ ఒకటైపోతారు. ఎవడు పాత రవో, ఎవడు కొత్త రవో ఏ నమూనాతోనూ విడదీయలేం. ముందు కండక్టర్‌కు ఇంకో పేరు పెట్టి, ఆ పని పూర్తయ్యాకే రాజు జోలికి రావాలి. రెండు పాత్రల పేర్లు ఒకదానికొకటి తారుమారు చేయాలన్నా అంతే. మధ్యలో మూడో పేరొకటి కావాలి.

తర్వాత, మార్చకూడని రాజులను దాచాలి. ఈ నవలలో ఒక అధ్యాయంలో నాయనమ్మ మనవడికి రాజుగారి కథ చెబుతుందనుకుందాం. ఆ కథలో రాజు, రాజుకు, రాజుగారు, రాజకుమారి అంతా నిజమైన రాజవంశమే. ఆ భాగం వరకు ఎంపిక చేసి, Current selection only గడిలో టిక్ పెట్టి, ఇలా వెతికించండి:

```
రాజ(\w*)
```

మార్చే గడిలో ఇది:

```
రా#జ$1
```

బ్రాకెట్‌లో పట్టుకున్న భాగాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ పెట్టమని `$1` చెబుతుంది. వర్డ్‌లో అయితే అది `\1`. దీంతో కథలోని రాజుకు ‘రా#జుకు’ అవుతాడు. ఆ గుర్తు మధ్యలో ఉన్నంతసేపు తర్వాతి నమూనాలేవీ వాడిని పట్టుకోలేవు. ఈ పని చేసేముందు రాతప్రతిలో # ఇంకెక్కడా లేదని వెతికి నిర్ధారించుకోవాలి. నాయనమ్మ మధ్యలో ఆగి ‘వింటున్నావా రాజూ’ అంటే, ఆ రాజూ కథలోని రాజు కాదు. ఎంపికలో దాన్ని కలపకూడదు. సామెతలో రాజు, చదరంగంలో రాజు లాంటి చిల్లర రాజులకు Find Next నొక్కుకుంటూ ఒక్కొక్కరికీ ఇదే ముసుగు వేయాలి.

మరి మాట ఒక్కటే చూస్తే అది పేరో కాదో తెలియనివి? ‘సత్యనారాయణ రాజు’ అని విడిగా రాసిన ఇంటాయన ఉన్నారనుకోండి, జాబితాలో ఆయన కూడా ఉత్త ‘రాజు’ గానే కనిపిస్తారు. అందుకని `\w+ రాజు\b` అని వెతికి ముందు మాటతో కలిపి ఇంకో జాబితా తీయాలి. ‘అప్పుడు రాజు’, ‘మళ్లీ రాజు’ల నడుమ ‘సత్యనారాయణ రాజు’ పైకి తేలతారు. ఆయనకూ ముసుగే.

ఇప్పుడు మార్పు. పొడుగు రూపాలు ముందు, పొట్టిది చివర. ఒక్కో విడతలో ఒక్కటే.

```
\bరాజు(కు|కి)\b
\bరాజు(ను|ని)\b
\bరాజు(తో|ది|గారు|గారి|గారికి|గాడు|గాడికి|కోసం)\b
\bరాజు\b
```

మొదటిదానికి బదులు `రవికి`. రెండోదానికి `రవిని`. ఈ రెండిట్లో `$1` వాడలేదని గమనించండి, ఎందుకంటే అక్కడ మారాల్సింది విభక్తి కూడా. మూడోదానికి `రవి$1`, అక్కడ ప్రత్యయం అలాగే ఉంటే చాలు. చివరిదానికి ఉత్త `రవి`. మూడో వరసలో బ్రాకెట్ లోపలి రూపాలు నేను ఊహించి రాసినవి కావు, మీ జాబితాలో నిజంగా ఉన్నవే అక్కడ పెట్టాలి. ‘రాజుక్కూడా’ అని రాసే అలవాటున్న రచయితకు అది కూడా చేరుతుంది, దానికి ‘రవిక్కూడా’ అని విడిగా.

చివర `\b` ఉండబట్టి ‘రాజుకుంది’ మొదటి నమూనాకు చిక్కదు. నిప్పు క్షేమం. అయితే ఇక్కడే ఏ నమూనా తేల్చలేని ముడి ఒకటుంది. ‘రాజుకున్న మంట’ అంటే అంటుకున్న మంట. ‘రాజుకున్న భయం’ అంటే రాజుకు ఉన్న భయం. అక్షరాలు ఒకటే, ఒక్క గుర్తు కూడా తేడా లేదు. ‘అతని గుండెలో రాజుకున్న భయం’ అని రాస్తే మనిషికి కూడా క్షణం ఆలోచించాల్సొస్తుంది. `\bరాజుకు\w+` అని వెతికి, దొరికిన ప్రతిదాన్నీ చుట్టూ ఉన్న వాక్యంతో సహా చదివి, పేరైతేనే ‘రవికున్న’ చేయాలి. ఇలాంటివి నవల మొత్తంలో పది పదిహేనుకు మించి ఉండకపోవచ్చు. ఆ పదిహేనింటి కోసం Replace Allని నమ్మకూడదు.

సరిగ్గా జరిగిందో లేదో లెక్క చెబుతుంది. ఉదాహరణకు మొదట `\w*రాజ\w*` కు 940 దొరికాయనుకుందాం. ముసుగు వేసినవి 60. రాజకీయం, రాజమండ్రి, పోతరాజు, నిప్పు రాజుకోవడం వగైరా ముట్టుకోకూడనివి 122. మిగిలిన 758 మన కథానాయకుడివి. Replace All నొక్కిన ప్రతిసారీ ఎన్ని మార్చిందో పెట్టెలో చూపిస్తుంది, రాసిపెట్టుకోండి. నాలుగు విడతల్లో వరసగా 118, 96, 91, 412 మారాయి, చేత్తో మార్చినవి 41. కూడితే 758. మళ్లీ `\w*రాజ\w*` వెతికితే సరిగ్గా 122 రావాలి. 125 వస్తే ముగ్గురు రాజులు ఎక్కడో మిగిలారని. 119 వస్తే ఇంకా ప్రమాదం, మూడు రాజకీయాలో పోతరాజులో పాడయ్యాయని. అప్పుడు మొదటి జాబితాను, కొత్త జాబితాను పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేడా కనపడుతుంది. లెక్క కుదిరాక `రా#జ` ను `రాజ` గా మార్చి, # ఇంకా ఎక్కడైనా ఉందేమో వెతకాలి. ఒక్కటీ ఉండకూడదు.

ఆపైన నాకు బాగా నచ్చే కాపలా ఇంకోటుంది. Edit మెనూలో Track Changes కింద Compare Document అని ఉంటుంది. మార్చిన ఫైలు తెరిచి, మొదట పక్కన పెట్టిన నకలును అక్కడ చూపిస్తే, తేడా ఉన్న చోట్లు మాత్రమే రంగులో తేలతాయి. మూడు వందల పేజీలు చదవనక్కర్లేదు, రంగు పడ్డ చోట్ల మీద కళ్లు పరిగెత్తిస్తే చాలు. రాజు, రవి కాకుండా ఇంకే మాటైనా రంగులో కనిపిస్తే అది మీరు అడగని మార్పు.

ఇంత జాగ్రత్త పడ్డా వెతుకులాటకు అసలు దొరకని రాజులు ఉండవచ్చు. తప్పు అప్పుడు నమూనాలో ఉండదు, టైపింగులో ఉంటుంది. రాజు అన్న పేరులో ఈ బెడద తక్కువ గానీ గంగ, శంకరం లాంటి పేర్లతో చాలా చూస్తాం. తెలుగు అంకెల్లో సున్నా ౦, అక్షరం పక్కన పెట్టే సున్న ం, రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కు ఒకటి 0C66, ఇంకొకటి 0C02. రాతప్రతిని ఇద్దరు ముగ్గురు డీటీపీ ఆపరేటర్లు టైపు చేస్తే, వాళ్లలో ఒకరు అంకె సున్నా కొట్టే అలవాటున్నవాళ్లయితే, నవలలో సగం గంగలు మీకు ఎప్పటికీ దొరకవు. అందుకే పేరు మార్చడానికి ముందే, అన్నిటికన్నా ముందు, ఈ శుద్ధి చేసుకోవాలి:

```
(?<=[\u0C05-\u0C56])\u0C66
```

ముందు తెలుగు అక్షరమో గుణింతమో ఉన్న అంకె సున్నాను మాత్రమే ఇది పట్టుకుంటుంది. బదులుగా ం పెట్టండి. ౧౯౦౮ అని తెలుగు అంకెల్లో రాసిన సంవత్సరం జోలికి ఇది పోదు, ఎందుకంటే తెలుగు అంకెలు ఆ బ్రాకెట్‌లోని హద్దు బయట ఉన్నాయి. హద్దు పెట్టకుండా సున్నాలన్నీ మార్చేసి ఉంటే ఆ సంవత్సరం పాడయ్యేది, పైగా చూపుకు ఏమీ తెలిసేది కాదు.

విసర్గదీ ఇలాంటి కథే. ‘దుఃఖం’ అని రాయాల్సిన చోట చాలామంది కోలన్ కొట్టి ‘దు:ఖం’ అంటారు. మాట మధ్యలో ఉన్న కోలన్లన్నీ విసర్గలే కదా అని గుంపుగా మార్చబోతే, నాటకంలోనో ఇంటర్వ్యూలోనో ఖాళీ వదలకుండా ‘రవి:ఏమైంది’ అని రాసిన వరసలన్నీ ‘రవిఃఏమైంది’ అవుతాయి. దు:ఖ, అంత:కరణ, పున:ప్రారంభం అని ఏ మాటకామాట వెతికి మార్చడం మేలు. విసర్గ ఉన్న మాటలు ఒక నవలలో ఎన్నుంటాయి గనక.

కంటికి అసలు కనిపించనిది ఒకటుంది. ‘రాజ్‌కుమార్’ అని రాసినప్పుడు జ్ పొల్లుగా నిలిచి, క దాని కింద ఒత్తుగా చేరకుండా ఉండటానికి రెండిటి మధ్య ఒక అదృశ్య గుర్తు పడుతుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200C. ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే వెతుకులాటకు అవి రెండు వేర్వేరు మాటలు కావచ్చు. ఈ చెత్తంతా తీసేద్దామని ఆ గుర్తులన్నిటినీ ఒకేసారి తుడిచేయడం నిజంగా ప్రమాదకరం. రాజ్‌కుమార్ కాస్తా రాజ్కుమార్ అవుతాడు, సాఫ్ట్‌వేర్‌లు, రైల్వే ప్లాట్‌ఫారాలు అన్నీ ఒత్తులతో గజిబిజి అవుతాయి. పొల్లు తర్వాత ఉన్న గుర్తుకు పని ఉంది, అది ఉండాలి. పొల్లు లేని చోట దూరిన వాటిని మాత్రం `(?<!\u0C4D)\u200C` అని వెతికి తీసేయవచ్చు.

పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలైతే ఇవేవీ పనికిరావు. అక్కడ తెరమీద తెలుగు కనిపిస్తున్నా లోపల ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని, ఆ మార్పిడిలో వచ్చిన తప్పులు దిద్దుకున్నాకే ఈ పని.

ఇక పేరు కనిపించకుండానే పేరు మీద ఆధారపడిన వాక్యాలు మిగులుతాయి. వాటికి నమూనా లేదు. ‘పేరుకు తగ్గట్టే సింహాసనం కావాలంటాడు’ అని మేనత్త వేసిన విసురు రవికి అతకదు. చేతిరుమాలు మూల ‘రా’ అని కుట్టిన అక్షరం అలాగే ఉండిపోతుంది. మనవడు రాజులా బతకాలని తాత ఆ పేరు పెట్టాడన్న మాట ‘రవిలా బతకాలని’ అయిందో, లేక ముసుగు కింద రాజులాగే ఉండిపోయి అర్థం లేకుండా పోయిందో చూడాలి. ఇలాంటివి రచయితకే గుర్తుంటాయి. నామకరణం, పిలుపులు, వెక్కిరింతలు వచ్చే అధ్యాయాలను తీసి ఒకసారి పైకి చదువుకోవాలి. మేనత్త విసురుకు సూర్యుడి మీద కొత్త మాటేదైనా వెతుక్కోవాలి. చేతిరుమాలు మీద ‘ర’ చాలు.